ఇంటికి పోయి పిల్చుకోని రాండి

మా అత్తకు రెండు కళ్ళకూ ఆపరేషన్ అయిన తర్వాతే నేను కంటి శిబిరాలకు పని చేయడం మొదలుపెట్టాను. ఆమెను కడప ఆస్పత్రికి తీసుకుపోయినప్పుడు అక్కడ శిబిరాల బాధ్యత చూసే ఆయన నాతో కాసేపు మాట్లాడాడు. నేను పొదుపు సంఘం లీడరునని తెలుసుకుని, "మీ వైపు ఊళ్ళలో శిబిరం పెడితే మనుషుల్ని కూడగట్టగలరా?" అని అడిగాడు. గలనన్నాను. నలుగురి ముందు మాట్లాడటం నాకు ఎప్పుడూ భయం కాదు. సంఘం మీటింగుల్లో బ్యాంకు వాళ్ళతో మాట్లాడేది నేనే, ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ నేనే. మైకు లేకపోయినా వెనక బెంచీ దాకా నా గొంతు వినిపిస్తుంది.

నేను చెప్పబోయే శిబిరం మైదుకూరు నుంచి కర్నూలు పోయే రోడ్డుకు కాస్త లోపలగా ఉండే ఒక ఊళ్ళో జరిగింది. మాది పక్క ఊరు. చిన్నప్పుడు నేనూ, నాకంటే ముందు మా అత్తా ఆ ఊరి పసుపు తోటల్లో కూలికి పోయినవాళ్ళమే. అందుకని అక్కడ నాకు తెలియని ఇల్లు లేదు. శిబిరానికి షామియానా, మధ్యాహ్నం భోజనాలు ఆ ఊరి పెద్ద రైతు కొడుకు పెట్టుకున్నాడు. ఆయన కర్నూలు పక్కన కల్లూరులో ఇల్లు కట్టుకుని ప్లాస్టిక్ పైపుల వ్యాపారం చేస్తున్నాడు. వారానికి ఒకసారి తండ్రిని చూడటానికి కారులో వచ్చిపోతుంటాడు. యాభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. ఎవరు ఏ మంచి పనికి అడిగినా కాదనడు.

శిబిరం హైస్కూల్లో. ముందు రెండు రోజులు ఆటోకు మైకు కట్టి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిప్పాము. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. ఆదివారం పొద్దున్నే ఆస్పత్రి బస్సు వచ్చింది. వరండాలో పేర్లు రాసుకునే బల్ల, దాని పక్కన బీపీ, షుగరు చూసే నర్సు, ఒక గది గోడకు అక్షరాల చార్టు. ఇంకో గదిలో కిటికీలకు నల్ల దుప్పట్లు కట్టి చీకటి చేశారు. డాక్టరమ్మ కూర్చునేది అక్కడే. ఆమెకు ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. చేతిలో టార్చి, బల్ల మీద ఏవో పరికరాలు, ముఖంలో తొందర అనేదే లేదు.

మా చర్చిలో ఆరాధన పెందలాడే ముగించుకుని నేనూ మా అత్తా అక్కడికి చేరేసరికి షామియానా నిండిపోయి ఉంది. నాకు సంతోషమేసింది. కానీ శిబిరం చూసే ఆయన మొహం చిన్నబుచ్చుకుని నా దగ్గరకు వచ్చాడు.

"అక్కా, ఒకసారి వచ్చినవాళ్ళని చూడండి" అన్నాడు.

చూశాను. ఎక్కువమంది నలభై, నలభై ఐదేళ్ళవాళ్ళు. సెల్‌ఫోనులో అక్షరాలు కనపడటం లేదని అద్దాల కోసం వచ్చినవాళ్ళు. తలనొప్పి అని తల్లులు తీసుకొచ్చిన బడిపిల్లలు. ముసలివాళ్ళు అక్కడొకరు ఇక్కడొకరు తప్ప లేరు.

"వీళ్ళకూ చూస్తాం, అద్దాలు ఇస్తాం. కానీ మేము బస్సు తెచ్చింది శుక్లాలు ఉన్న పెద్దవాళ్ళను తీసుకుపోయి ఆపరేషన్ చేయించడానికి. వాళ్ళంతా ఇళ్ళల్లోనే ఉన్నట్టున్నారు. వాళ్ళంతట వాళ్ళు రాలేరు కదా. మీరొకసారి మాట్లాడతారా?" అన్నాడు.

షామియానా కింద చిన్న వేదిక లాంటిది వేసి నాలుగు కుర్చీలు పెట్టారు. ఒక దాంట్లో భోజనాలు పెట్టిస్తున్న పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. సర్పంచి ఒక దాంట్లో. నేను మైకు తీసుకున్నాను. ముందుగా ఏమీ అనుకోలేదు. ఎదురుగా ఉన్న మొహాలు చూసి మాట్లాడాను.

"అమ్మా, అన్నా, అందరూ వచ్చినారు, శానా సంతోషం. మీ కండ్లు చూపిచ్చుకోండి. కానీ నేనొక మాట అడుగుతా. మీ ఇంట్లో అందరికంటే చూపు తక్కువ ఎవురికుండాది? మీకేనా? మీ అమ్మకా, మీ నాయనకా, మీ అత్తకా? వాళ్ళు యాడుండారు ఇప్పుడు?"

ఒకామె పక్కామె చెవిలో ఏదో చెప్పింది.

"ఇంట్లో ఉండారు. ఎందుకు పిల్చుకోని రాలేదు అంటే, ఏం చెప్తారో నాకు తెలుసు. వయసైపోయిందిలే, కనపడకపోతే ఏం, వాళ్ళకేం పనుండాది అంటారు. లేకపోతే, మా యమ్మకు బాగనే కనపడతాదిలే అంటారు. బాగనే కనపడతాదని మీరెప్పుడన్నా చూసినారా? మీ అవ్వ బియ్యంలో రాళ్ళు ఏరేది ఎప్పుడు మానేసింది? మీ తాత ఈదిలో పోయేవాళ్ళను మొగం చూసి పిలుస్తాండాడా, మాట విని పిలుస్తాండాడా? ఇల్లు కాబట్టి గోడ పట్టుకోని, లెక్క పెట్టుకోని నడుస్తారు. ఏ గడప యాడుండాదో వాళ్ళకు తెలుసు. కొత్త జాగాకు పిల్చుకపోండి, అప్పుడు తెలుస్తాది. ఎందుకు చెప్పరంటే, చెప్తే మీకు పని పడతాదని. కూలి పోగొట్టుకోని ఆస్పత్రికి తిప్పాల్సొస్తాదని."

మా అత్త ముందు వరసలో కూర్చుని ఉంది. శిబిరాలకు వచ్చినప్పుడు ఆమె ఊరికే ఉండదు. ఇక్కడా లేచి నిలబడింది.

"నేను జెప్తా నాయనా. నాకు పొయ్యిలో మంట కూడా మసకగా కనపడేది. కోడలితో చెప్పలేదు. ఎందుకు చెప్పాల, తిట్టుకుంటాదని. ఇప్పుడు జూడు." వెనక్కి తిరిగి షామియానా చివర వైపు చెయ్యి చూపింది. "ఆ స్తంభం పక్కన బీడీ వెనక పెట్టుకోని నిలబడినోడు ఎవురు? బడి కాడ బీడీ తాగకూడదని తెలీదా?"

అందరూ వెనక్కి తిరిగారు. నిజంగానే ఒకతను బీడీ దాచుకుంటున్నాడు. షామియానా అంతా నవ్వులే. అతనూ నవ్వి బీడీ కింద పారేసి తొక్కాడు. కానీ వెంటనే గట్టిగా అడిగాడు.

"అక్కా, నవ్వేది సరే. మా సిన్నాయన శానా ఏండ్ల కిందట ఇట్లనే క్యాంపుకు పోయినాడు. కన్ను పోయింది. మా యమ్మ అది జూసి, సచ్చినా నేను రాను అంటాది. దానికేం జెప్తావు?"

నవ్వులు ఆగిపోయాయి. నేను ఆ ప్రశ్నను దాటవేయదలచుకోలేదు. అది అతనొక్కడిదే కాదు, అక్కడున్న సగం మందిదని నాకు తెలుసు.

"నిజమే అన్నా. నువ్వు చెప్పింది అబద్ధమని నేననను. నూటికి నూరు మందికీ బాగవుతాదని నేనూ చెప్పను, డాక్టరమ్మ కూడా చెప్పదు. అందుకే గదా ముందు ఇన్ని పరీక్షలు. షుగరు ఎక్కువుంటే అది తగ్గేదాకా ఆపరేషన్ చెయ్యరు. కంట్లో చీముంటే చెయ్యరు. ఈడ కొయ్యరు, కుట్టరు. ఈడ చూస్తారు, అంతే. ఆపరేషన్ కావాల్సినోళ్ళను కడపకు పిల్చుకపోయి ఆస్పత్రిలో చేస్తారు. వద్దనుకుంటే బస్సు ఎక్కాల్సిన పని లేదు. వెనకటి మాదిరి తల కదిలీకుండా రోజులు రోజులు పడుకోబెట్టేది లేదు. మసకబడిన బిళ్ళ తీసేసి కొత్త బిళ్ళ లోపలనే పెడతారు. మర్నాడు కట్టు విప్పుతారు. ఒకేసారి రెండు కండ్లు ముట్టుకోరు, ఒకటి బాగయినాకనే రెండోది. మీ యమ్మను చూపిచ్చు. చూపిచ్చినాక వద్దంటే ఇంటికి పిల్చుకపో. చూపిచ్చకుండానే వద్దనొద్దు."

నేను మాట మార్చకుండా చెప్పుకుపోయాను.

"ఇంకో మాట. శుక్లం పండాల, పండినాక చూద్దాం అని కొందరు ఇంట్లో పెట్టుకోని కూచుంటారు. పండేదానికి అదేమన్నా మామిడికాయా? చూపుకు అడ్డమైనప్పుడే తీసేయొచ్చు. అదీ గాక, అది శుక్లమేనని ఎవురు చెప్పినారు? కంట్లో వేరే రోగాలు కూడా ఉండాయి. నొప్పి ఉండదు, ఎర్రబడదు, చూపును పక్కల నుంచి తినుకుంటా వస్తాది. దాన్నే నీటికాసులంటారు. పోయిన చూపు మళ్ళ రాదు. ఉన్నది కాపాడుకోవచ్చు, అదీ తొందరగా కనిపెడితేనే. కాబట్టి ఇప్పుడు లేసి ఇంటికి పోండి. అమ్మ ముందర నిలబడి ఒక కన్ను చేత్తో మూసి, నా వేళ్ళు ఎన్నో చెప్పమనండి. తర్వాత రెండో కన్ను. చెప్పలేకపోతే మోటారు సైకిల్ మీద కూచోబెట్టుకోని ఈడికి రాండి. వాళ్ళు వేసుకునే మాత్రలు ఉంటే అవీ తీసుకోని రాండి. బస్సు సాయంత్రం దాకా ఉంటాది. కింద కూచున్నోళ్ళకే కాదు, ఈడ కుర్చీల్లో కూచున్నోళ్ళకు కూడా చెప్తాండా. ఇంట్లో పెద్దోళ్ళు ఎవురికైనా ఉంటారు."

చివరి మాట ఎవరినీ ఉద్దేశించి అన్నది కాదు. సర్పంచి ముందుగా లేచి, "మా యమ్మను పిల్చుకొస్తా" అని వెళ్ళిపోయాడు. జనం కదిలారు. బీడీ అతను మోటారు సైకిల్ తీయడం చూశాను. ఇక నా పని అయిందనుకుని మైకు ఇచ్చేసి మంచినీళ్ళు తాగుతుంటే పైపుల వ్యాపారి నా పక్కకు వచ్చాడు.

"బాగ చెప్పినావమ్మా. కానీ మా నాయన సంగతి వేరే. మైదుకూరులో అద్దాల షాపులో చూపిచ్చినాం. శుక్లం ఉండాది, ఇంకా పండలేదు అన్నారు."

"ఎప్పుడన్నా అది?"

ఆయన ఆలోచించాడు. "రెండు మూడేండ్లయింటాది."

"అద్దాలోళ్ళు చెప్పిందే గదన్నా. డాక్టరు చూడలేదు గదా?"

"చూడలేదు."

"ఇంతదూరం మీరు ఊరందరికీ కంటి డాక్టరును తెప్పిచ్చినారు. ఆమె మీ ఇంటికి నూరు గజాల్లో కూచోనుండాది. పోయి పిల్చుకోని వద్దాం రాండి."

ఆయన మొహమాటంగా నవ్వాడు. "ఆయన వస్తాడా? బడికాడ బెంచీ మీద కూచునే మనిషేనా?"

"నేనొచ్చి అడుగుతా" అన్నాను.

ఇద్దరం వాళ్ళింటికి నడిచాం. పెద్దాయన వసారాలో మంచం మీద కూర్చుని రేడియో వింటున్నాడు. ఎనభైకి దగ్గరగా ఉంటాడు. తలపాగా సరిగ్గా చుట్టుకున్నాడు, చొక్కా తెల్లగా ఉంది. ఆయన్ని చూస్తే నాకు ఇప్పటికీ చిన్నప్పటి భయం కొంచెం మిగిలే ఉంది. మేము పసుపు తవ్వేటప్పుడు ఆయన తోట అవతలి గట్టు మీద నిలబడి, ఏ సాలులో ఎవరు కొమ్ములు భూమిలో వదిలేసి ముందుకు పోయారో అక్కడి నుంచే కనిపెట్టి కేకేసేవాడు. నా పేరు పెట్టి కేకేసిన రోజులూ ఉన్నాయి.

నేను మంచానికి ఎడమ పక్కగా పోయి నిలబడ్డాను. కొడుకు ఎదురుగా వెళ్ళి, "నాయనా, క్యాంపుకు పోదాం రా" అన్నాడు.

"క్యాంపు మనకేందిరా? కూలోళ్ళకు పెట్టినారు, వాళ్ళను చూడనీ. నాకు శుక్లం పండలేదన్నారు గదా."

"ఇంకొకసారి చూపిచ్చుకుందాం."

"పండినాక చూద్దాంలే. ఇప్పుడు నువ్వొక్కనివే వచ్చినావా?"

నేను ఆయన భుజానికి చేతిదూరంలో ఉన్నాను. తెల్ల చీర కట్టుకుని ఉన్నాను. ఆయన తల నా వైపు తిరగనే లేదు. కొడుకు నన్ను చూశాడు, తండ్రిని చూశాడు.

"నేనుండాను పెద్దాయనా" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి ఇటు తిరిగాడు. మొత్తం తల తిప్పి వెతికి, చూపుతో నన్ను పట్టుకున్నాడు. "ఎవురు? ఎప్పుడొచ్చినావు?"

నేనెవరినో చెప్పాను. మా అత్త పేరు చెప్పాను. గుర్తుపట్టాడు.

"పెద్దాయనా, ఒక్క చిన్న పని చేస్తా, కోప్పడొద్దు" అని ఎదురుగా వచ్చి ఆయన కుడి కన్ను నా చేత్తో మెల్లగా మూశాను. "నా వేళ్ళు ఎన్ని?"

ఆయన తల ఇటూ అటూ తిప్పి వెతికాడు. తర్వాత నెమ్మదిగా, "చెయ్యి యాడుండాది?" అన్నాడు.

రెండో కన్ను మూసినప్పుడు వేళ్ళు సరిగ్గానే చెప్పాడు. చెయ్యి ఎదురుగా ఉన్నంతసేపు బాగానే ఉంది. పక్కకు జరిపితే మళ్ళీ కనపడలేదు. అది ఏ రోగమో చెప్పడానికి నేను డాక్టరును కాదు, చెప్పలేదు కూడా. కానీ అడగవలసింది అడిగాను.

"ఎడమ కన్ను కనపడదని నీకు తెలుసా?"

"తెలుసు" అన్నాడు. "ఎప్పటినుంచో తెలుసు. శుక్లమే గదా, పండినాక ఒకేసారి తీపిచ్చుకోవచ్చులే అనుకున్నా. వీడికి చెప్తే పనులన్నీ ఇడిసిపెట్టి తిరగాల."

కొడుకు మంచం మీద తండ్రి పక్కన కూలబడ్డాడు. నాకు జాలిపడుతూ నిలబడే సమయం కాదనిపించింది.

"పెద్దాయనా, ఆ గట్టు మీద నిలబడి ఈ గట్టున నేను వదిలేసిన కొమ్ము కనిపెట్టిన మనిషివి నువ్వు. ఇప్పుడు నీ పక్కన నేను నిలబడితే నీకు తెలీలేదు. ఇది వయసుతో పోయిందా, రోగంతో పోయిందా డాక్టరు చెప్పాల. లెయ్. బెంచీ మీద మా అత్త పక్కన కూచుందువు."

ఆయన రేడియో ఆపాడు. "మీ అత్త శానా మాట్లాడతాది" అన్నాడు. అని, చెప్పుల కోసం కాళ్ళతో తడుముతుంటే కొడుకు వంగి తొడిగాడు.

బడి దగ్గరకు వచ్చేసరికి లోకం మారిపోయి ఉంది. మోటారు సైకిళ్ళ వెనక అవ్వలు, ఆటోల్లో తాతలు. ఒకాయనను మంచంతో సహా ట్రాక్టరు మీద తెచ్చారు. శిబిరం చూసే ఆయన నన్ను చూసి రెండు చేతులూ ఎత్తాడు, ఇంకేం కావాలన్నట్టు. పెద్దాయన వరసలోనే కూర్చున్నాడు. ముందుకు పంపుతామంటే వద్దన్నాడు. మా అత్త ఆయనకు మంచినీళ్ళు తెచ్చిచ్చి, పాత తోటల సంగతులు మొదలుపెట్టింది.

చార్టు గదిలో ఎడమ కంటితో ఆయనకు పెద్ద అక్షరం కూడా కనపడలేదు. టార్చి వెలుతురు మాత్రం ఏదో ఉన్నట్టు తెలుస్తోందన్నాడు. కుడి కంటితో చాలా వరసలు చదివాడు. కంటి ఒత్తిడి చూసే చిన్న పరికరం పెట్టి చూసిన అమ్మాయి, ఒకసారి చూసి, మళ్ళీ చూసి, కాగితం మీద రాసి డాక్టరమ్మ దగ్గరకు తనే తీసుకుపోయింది. చీకటి గదిలోకి కొడుకునూ రమ్మన్నారు. పెద్దాయన, "ఆ పిల్ల కూడా రానీ" అన్నాడు నన్ను చూపించి. నాకు అప్పటికి నలభై ఎనిమిదేళ్ళు.

డాక్టరమ్మ టార్చిని ఒక కన్ను నుంచి ఇంకో కన్నుకు మార్చి మార్చి వేసింది. తర్వాత ఇంకో పరికరంతో కంటి లోపలికి చాలాసేపు చూసింది. చివరికి కుర్చీ దగ్గరకు జరుపుకుని పెద్దాయనకే చెప్పింది, కొడుక్కి కాదు.

"తాతా, మీకు శుక్లం కొంచెం ఉంది. కానీ చూపు పోయింది దాని వల్ల కాదు. కంటిలో ఒత్తిడి ఎక్కువగా ఉంది. కంటి నుంచి మెదడుకు పోయే నరం దెబ్బతింది. గ్లకోమా, నీటికాసులు అంటారు. ఖాయంగా చెప్పడానికి ఆస్పత్రిలో ఇంకా పరీక్షలు చేయాలి."

"ఆపరేషన్ చేస్తే వస్తాదా?" అని అడిగాడు పెద్దాయన.

"ఎడమ కంటికి పోయిన చూపు రాదు తాతా. అబద్ధం చెప్పను. కుడి కంటిలో కూడా పక్కల చూపు తగ్గింది. మధ్యలో మిగిలింది బాగుంది. మందు వేసుకుంటే దాన్ని కాపాడుకోవచ్చు. అదే ఇప్పుడు మన పని."

పెద్దాయన తల ఊపాడు. కొడుకు మాత్రం ఆగలేకపోయాడు. "మూడేండ్లు పండలేదు పండలేదని ఇంట్లో పెట్టుకున్నాం గదమ్మా. నేను వారం వారం వస్తాండా. ఒక్కసారి డాక్టరు కాడికి పిల్చుకపోయింటే..."

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగి, "మీరెప్పుడైనా కళ్ళు చూపించుకున్నారా?" అని అడిగింది.

"నాకేం? నాకు శుభ్రంగా కనపడతాది. పొద్దున కర్నూలు నుంచి నేనే కారు తోలుకోని వచ్చినా."

"ఇది కుటుంబాల్లో వస్తుంది. తండ్రికి ఉంటే పిల్లలకూ, అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్ళకూ వచ్చే అవకాశం ఎక్కువ. మొదట్లో ఏమీ తెలియదు. కూర్చోండి" అంది.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. అమ్మాయి మళ్ళీ ఆ పరికరం తెచ్చింది. నేను డాక్టరమ్మ మొహం చూస్తున్నాను. ఆమె ఏమీ దాచలేదు.

"మీకూ ఒత్తిడి ఎక్కువగానే ఉంది. నరంలో మార్పు మొదలైనట్టు నాకు అనుమానం. భయపడకండి, చాలా ముందుగా దొరికింది. మీరు కూడా కడపకు రావాలి."

ముసలివాళ్ళను పిలుచుకురమ్మని చెప్పాను. వచ్చిన ముసలాయన వెంట కొడుకు జబ్బు కూడా బయటపడింది. పెద్దాయన చీకట్లో చెయ్యి చాచి వెతికితే కొడుకు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"చూడు, నేను రాకపోయింటే నీకు తెలిసేదేనా?" అన్నాడు తండ్రి. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది. అది విని కొడుకు నవ్వాడు, కళ్ళ నీళ్ళతోనే.

సాయంత్రం బస్సు నిండింది. కొడుకు కారు తెచ్చి పెట్టినా పెద్దాయన ఎక్కలేదు. "కారులో ఒక్కన్నే ఏం కూచుంటా? మాట్లాడేదానికి మనుషులుండల్లా" అని బస్సే ఎక్కాడు. కొడుకు కారు ఇంటి దగ్గర వదిలేసి వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. బీడీ మనిషి తల్లి కూడా ఆ బస్సులోనే ఉంది. ఆమెకు రెండు కళ్ళల్లో శుక్లాలు ముదిరిపోయాయి. షుగరు, బీపీ సరిగ్గా ఉన్నాయి. "సచ్చినా రాను" అన్న ఆమెను మా అత్త ఎట్లా ఒప్పించిందో అప్పుడు నాకు తెలియలేదు. నేను అడిగితే, "నా కండ్లలోకి చూడమన్నా. ఆమెకు కనపడలేదు. అదే చెప్పినా" అంది.

నేనూ వాళ్ళతో కడపకు పోయాను. మర్నాడు శుక్లాలవాళ్ళకు ఒక్కొక్కరికీ ఒక్కో కన్ను ఆపరేషన్ చేశారు. పెద్దాయనకూ కొడుక్కూ ఆ రోజే చూపు వైశాల్యం కొలిచే పరీక్ష చేశారు. గిన్నె లాంటి పరికరంలోకి చూస్తూ, వెలుతురు చుక్క కనపడినప్పుడల్లా మీట నొక్కాలి. పెద్దాయన విసుక్కుంటూనే ఓపిగ్గా చేశాడు. డాక్టరమ్మ అనుమానం నిజమే. తండ్రికి బాగా ముదిరింది, కొడుక్కి ఇప్పుడే మొదలైంది. ఇద్దరికీ చుక్కల మందు రాసిచ్చారు. జీవితాంతం వేసుకోవాలి, బాగుంది కదా అని ఆపకూడదు, చెప్పినప్పుడల్లా వచ్చి ఒత్తిడి చూపించుకోవాలి. కొడుకు ఆ మాటలు రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

బీడీ మనిషి తల్లికి కట్టు విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నర్సు కన్ను మెత్తగా తుడిచి, తెరవమంది. ఆమె కాసేపు రెప్పలు టపటపలాడించి, ఎదురుగా నిలబడిన కొడుకును పైనుంచి కిందికి చూసింది.

"ఏందిరా, ఇంత నల్లగైనావు? గడ్డం కూడా నెరిసిపోయింది గదరా" అంది.

అతను బయటికి పోయి వరండాలో నిలబడ్డాడు. ఆమె మాత్రం గదిలో ఉన్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ చూస్తూ ఎవరు ఎవరో అడుగుతూనే ఉంది. నల్లద్దాలు పెట్టి, తలస్నానం చెయ్యకూడదు, కన్ను నలపకూడదు, పొయ్యి పొగ దగ్గర కూర్చోకూడదు, చుక్కలు మానకూడదు అని నర్సు చెప్తుంటే, "మా కోడలికి చెప్పమ్మా, పొయ్యికాడికి నన్ను రావద్దని చెప్పు" అని నవ్వించింది.

నెల దాటాక మళ్ళీ అదే బడిలో ఆస్పత్రి వాళ్ళు చూడటానికి వచ్చారు. ఆపరేషన్ అయినవాళ్ళకు చూపు కొలిచి అద్దాలు ఇచ్చారు. పెద్దాయన, కొడుకు కూడా వచ్చారు. ఇద్దరికీ ఒత్తిడి దిగింది. పెద్దాయన చూపు పెరగలేదు, పెరగదు. కానీ తగ్గలేదు. నడిచేటప్పుడు ఎడమ పక్కకు తల తిప్పి చూసి అడుగు వేయడం అలవాటు చేసుకున్నాడు. ఎడమ పక్కగా వచ్చేవాళ్ళు ముందే పలకాలని ఇంట్లో అందరికీ ఆర్డరు వేశాడట.

కొడుకు నాతో అన్నాడు, "మా చెల్లెలు చూపిచ్చుకుంది, ఏం లేదన్నారు. తమ్ముడే వినడంలేదు. మహానందిలో లాడ్జి నడుపుతాండాడు. నాకేం కాలేదు, టైము లేదు అంటాడు. నువ్వు మాట్లాడతావా?"

"నంబరు కలపండన్నా" అన్నాను.

అవతల ఫోను ఎత్తిన మనిషి చాలా మర్యాదగానే మాట్లాడాడు. "మా యన్న చెప్పినాడమ్మా. వస్తా. ఆదివారం యాత్రికులు శానా మంది ఉంటారు, సోమవారం ఇంకా ఎక్కువ. కొంచెం తగ్గనీ."

"మంగళవారం తగ్గుతారు గదన్నా?"

"తగ్గుతారు."

"ఆస్పత్రి మంగళవారం తెరిచే ఉంటాది. నంద్యాలలో కూడా కంటి డాక్టర్లు ఉండారు, కడపదాకా రావాల్సిన పని లేదు. మా నాయనకు నీటికాసులు ఉండాది, అన్నకుండాది, నాకు ఒత్తిడి, నరం చూడాల అని చెప్పండి. ఊరికే అద్దాలు చూసి పంపిచ్చేస్తే రావద్దండి."

"సరే" అన్నాడు.

"బుధవారం మళ్ళ చేస్తా" అన్నాను.

బుధవారం నేను చేయకముందే ఆయనే చేశాడు. ఒత్తిడి మామూలుగా ఉందని, నరం బాగుందని, ఏడాదికొకసారి తప్పకుండా చూపించుకోమన్నారని చెప్పాడు. భార్యకు కూడా చూపించాడట, ఆమెకు షుగరు ఉందని అక్కడే తెలిసిందట. "ఇప్పుడామె నన్ను స్వీట్లు తేవద్దంటాంది" అన్నాడు. టైము లేదన్న మనిషి ఇంకో పది నిమిషాలు ఆమె భోజనం సంగతులు అడిగాడు. నాకు తెలిసింది చెప్పి, మిగతాది డాక్టరును అడగమన్నాను.